ఫోనులో వ్యాపారం, రెండో పాఠం: ఎత్తగానే అనే మొదటి మాట

మొదటి పాఠంలో షాపు ఫోను ఎక్కడ పెట్టుకోవాలో, దాని పక్కన పుస్తకం, పెన్ను ఎందుకుండాలో చూశాం. ఈ పాఠమంతా ఒకే ఒక వాక్యం గురించి. ఫోను ఎత్తగానే మీరు అనే మొదటి వాక్యం అది. నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. దాన్ని సరిగ్గా అనడం అలవాటు కావడానికి మాత్రం కనీసం ఒక వారం పడుతుంది. ఆ వారం రోజుల సాధన ఎలా చెయ్యాలో చివర్లో ఉంది.

ఉదాహరణకు విజయనగరంలో ఒక మోటారు వైండింగ్ షాపు తీసుకుందాం. యజమాని, ఒక కుర్రాడు, అంతే. ఫోన్లు ఎక్కువగా గజపతినగరం, బొండపల్లి, నెల్లిమర్ల వైపు రైతుల నుంచి వస్తాయి. టౌన్లో అపార్ట్‌మెంట్ల నుంచి కొన్ని వస్తాయి. మీది బట్టల కొట్టయినా, టెంట్ హౌసయినా, పలాసలో జీడిపప్పు వ్యాపారమైనా ఇక్కడి మాటల్లో షాపు పేరొక్కటి మార్చుకుంటే సరిపోతుంది.

ముందు ఒక ఫోను విందాం

పొద్దున్న పదిన్నర. లోపల లేత్ తిరుగుతోంది. యజమాని చేతినిండా వార్నిష్. ఫోను మోగింది.

షాపు: హలో.
రైతు: హలో...
షాపు: ఆఁ.
రైతు: హలో, వైండింగ్ షాపేనా బాబూ?
షాపు: ఎవరు మాట్లాడేది?
రైతు: నేను బొండపల్లి దగ్గర్నుంచండి. వైండింగ్ షాపేనా?
షాపు: అవును, చెప్పు.
రైతు: మా మోటారు ఆగిపోనాది బాబూ.

యజమాని ఇందులో తిట్టిందీ లేదు, విసుక్కున్నదీ లేదు. అయినా అసలు సంగతి బయటికి రావడానికి ఎనిమిది మాటలు పట్టాయి. అందులో రైతు 'వైండింగ్ షాపేనా' అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. ఎందుకంటే ఫోను చేసిన ఎవరికైనా మొదట తెలియాల్సింది ఒక్కటే: తాను అనుకున్న చోటికే ఫోను వెళ్లిందా, లేదా. అది తేలేదాకా మనిషి తన సంగతి మొదలుపెట్టడు. 'హలో' ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. 'ఆఁ' కూడా చెప్పదు. 'ఎవరు మాట్లాడేది' అయితే ఎదురు ప్రశ్న వేస్తుంది. పోలీస్ స్టేషన్లో అడిగినట్టు వినిపిస్తుంది. అడిగినవాడికి ఆ ఉద్దేశం లేకపోయినా విన్నవాడికి అలాగే తగులుతుంది.

'చెప్పు' సంగతి వేరే చెప్పక్కర్లేదు. రైతు గొంతు విని చిన్నవాడనుకుని ఉండొచ్చు. కానీ ఫోనులో వయసు అంచనా తరచూ తప్పుతుంది. యాభై దాటినా కొందరి గొంతు కుర్రాడి గొంతులాగే ఉంటుంది. మొదటి వాక్యంలో 'అండి' లేకుండా మాట్లాడితే దాన్ని తర్వాత సరిదిద్దుకోవడం కష్టం.

వాక్యం

ఈ షాపుకు సరిపోయే వాక్యం ఇది:

"నమస్కారమండి. మోటారు వైండింగ్ షాపు, విజయనగరం. చెప్పండి."

మూడు ముక్కలు. మధ్యలో రెండు చిన్న విరామాలు. మామూలు వేగంతో అంటే నాలుగు సెకన్లు, కొంచెం నిదానంగా అంటే ఐదు. ఐదు దాటిందంటే షాపు పేరు పొడవైపోయిందని అర్థం.

మొదటి ముక్క 'నమస్కారమండి' ఎందుకంటే, మర్యాద ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. మొబైల్లో పచ్చ గుర్తు జరిపాక రెండు వైపులా గొంతు వెళ్లే దారి పూర్తిగా తెరుచుకోవడానికి ఒక్కోసారి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. ఆ వ్యవధిలో మనమన్న మొదటి అక్షరాలు అవతల వినిపించవు. దానికి తోడు, అవతలి మనిషి చెవి అప్పటిదాకా రింగు వింటూ ఉంది. కొత్త గొంతుకు అలవాటు పడటానికి దానికీ ఒక క్షణం కావాలి. అందుకే మొదటి మాట పోయినా నష్టం లేనిదై ఉండాలి. 'నమస్కారమండి'లో ముందు సగం తెగిపోయి 'స్కారమండి' అని వినిపించినా అర్థమవుతుంది. అదే షాపు పేరుతో మొదలుపెడితే తెగిపోయేది షాపు పేరే. 'డింగ్ షాపు' అని వినిపిస్తే రైతు మళ్లీ 'వైండింగ్ షాపేనా' అని అడుగుతాడు.

పచ్చ గుర్తు జరిపాక వెంటనే మాట్లాడకండి. ఒక చిన్న ఊపిరి తీసుకుని మొదలుపెట్టండి. ఆ ఊపిరి పట్టే సమయం చాలు, దారి తెరుచుకుంటుంది. ఇంకొక లాభం ఏమిటంటే, కౌంటరు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్న మాట తోక ఫోనులోకి వెళ్లదు. చాలా షాపుల్లో ఫోను ఎత్తగానే అవతలివాళ్లకు మొదట వినిపించేది 'ఒరేయ్, ఆ రెంచి ఇటియ్యరా' లాంటి మాటే.

'నమస్తే' అనకూడదా అంటే అనవచ్చు, తప్పు లేదు. కానీ మన జిల్లాల్లో 'నమస్కారం' వాడటానికి ప్రత్యేకంగా ఒక కారణముంది. ఇచ్ఛాపురం, పాతపట్నం, పలాస వైపు షాపులకు పర్లాకిమిడి, బరంపురం నుంచి ఫోన్లు వస్తాయి. ఒడియాలోనూ పలకరింపు 'నమస్కార'మే. అవతలివారు ఒడియాలో మొదలుపెట్టినా మీ మొదటి మాట వారికి సొంత మాటలాగే వినిపిస్తుంది. మీకు ఒడియా కొంచెం వస్తే మూడో ముక్కగా 'చెప్పండి' బదులు 'కుహంతు' అనవచ్చు. రాకపోతే 'చెప్పండి' అనేసి, వారి భాష విన్నాక ఆ భాష వచ్చిన మనిషిని పిలవడం మేలు.

'శుభోదయం' వద్దు. అది రాతలో బాగుంటుంది, నోట బరువుగా ఉంటుంది. 'గుడ్ మార్నింగ్' అలవాటున్న షాపుల్లో మధ్యాహ్నం మూడింటికి కూడా అదే నోటికి వచ్చేస్తుంది. 'నమస్కారం' ఏ పూటకైనా సరిపోతుంది.

రెండో ముక్క: షాపు పేరు

బోర్డు మీదున్న పూర్తి పేరు ఫోనులో చెప్పకండి. బోర్డు మీద దేవుడి పేరు, ఇంటిపేరు, 'అండ్ సన్స్', 'ఎలక్ట్రికల్స్ అండ్ ఇంజినీరింగ్ వర్క్స్' అన్నీ ఉంటాయి. అదంతా ఒక్క ఊపిరిలో అనాలంటే వేగంగా అనాలి. వేగంగా అంటే ఏ మాటా విడిగా వినబడదు. విన్నవాడికి మిగిలేది చివరి 'వర్క్స్' ఒక్కటే.

జనం మీ షాపును ఏమంటారో అదే పేరు చెప్పండి. 'కోట దగ్గర వైండింగ్ షాపు' అంటారా, అదే చెప్పండి. ఇంటిపేరుతో పిలుస్తారా, ఆ ఇంటిపేరు, వెంటనే పని పేరు. ఈ రెండూ ఉంటే చాలు. దేవుడి పేరుతో ఉన్న షాపులు ఒక్క టౌన్లోనే పదులకొద్దీ ఉంటాయి కాబట్టి ఆ పేరొక్కటే చెబితే సందేహం తీరదు. పక్కన పని పేరు తప్పక ఉండాలి.

ఊరి పేరు అందరికీ అవసరం లేదు. మీకు ఫోన్లన్నీ టౌన్లోంచే వస్తే తీసేయండి. బయటి మండలాల నుంచో, వేరే జిల్లా నుంచో వస్తే ఉంచండి. పలాస జీడిపప్పు వ్యాపారికి హైదరాబాదు నుంచి ఫోను చేసేవాడు వరసగా నాలుగు షాపుల నంబర్లు కొట్టుకుంటూ పోతాడు. 'జీడిపప్పు షాపు, పలాస' అని వినిపిస్తే తాను ఏ ఊరి ధర అడుగుతున్నాడో వాడికి వెంటనే తెలుస్తుంది. అక్కడ ఊరి పేరే సరుకు పేరు కూడా.

సొంత పేరు చెప్పాలా అన్నది ఒక్కో షాపు బట్టి ఉంటుంది. టైలరింగ్, బ్యూటీ పార్లరు, ఎలక్ట్రీషియన్ లాంటి పనుల్లో మనిషిని చూసే ఫోను చేస్తారు, అక్కడ పేరు చెప్పాలి. వైండింగ్ షాపులో యజమాని పేరు కంటే షాపు పేరే పని చేస్తుంది.

ఎన్నో రింగుకు ఎత్తాలి

మన దేశంలో ఫోను చేసినవారికి వినిపించే రింగులో రెండు చిన్న మోతలు, తర్వాత రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంటాయి. మొత్తం ఒక విడత మూడు సెకన్లు. మొబైల్ ఎంతసేపు మోగాలన్నది 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 30 సెకన్లుగా నిర్ణయించింది, ల్యాండ్‌లైనుకు 60. అంటే మొబైలుకు దాదాపు పది విడతలు. రెండో విడత అయ్యాక, మూడోది పూర్తయ్యేలోపు ఎత్తడం మంచి అలవాటు. మొదటి మోతకే ఎత్తితే అవతలి మనిషి ఇంకా ఫోను చెవికి చేర్చి ఉండడు. మీ వాక్యం సగం గాలికి పోతుంది. ఐదారు విడతలు దాటితే అతను పక్కనున్న వారితో 'ఎత్తట్నేదు' అంటూ ఉంటాడు. మీరన్నది అప్పుడూ చెవిన పడదు.

షాపు నంబరుకు కాలర్ ట్యూన్ పెట్టవద్దని మా సలహా. పాట వింటున్న మనిషికి ఎంతసేపు మోగిందో లెక్క తెలియదు. పైగా పాట గట్టిగా ఉండి, దాని వెంటనే మీ గొంతు వస్తే మొదటి మాట మరీ చిన్నగా వినిపిస్తుంది.

గొంతు

వాక్యం ఒకటే అయినా గొంతు బట్టి ఒకసారి రమ్మన్నట్టూ, ఒకసారి పొమ్మన్నట్టూ వినిపిస్తుంది. ఇందులో సరిదిద్దుకోవాల్సినవి ముఖ్యంగా మూడు.

మొదటిది 'అండి'. రోజంతా మాట్లాడి అలసిన నోరు మాటల చివర్లు మింగేస్తుంది. 'నమస్కారమండి' కాస్తా 'నమస్కారమ్‌న్' అవుతుంది, 'చెప్పండి' కాస్తా 'చెప్ప్' అవుతుంది. ఎదురుగా మనిషి ఉంటే మొహం, చెయ్యి ఆ మర్యాదను నింపుతాయి. ఫోనులో 'అండి' ఒక్కటే ఆ పని చెయ్యాలి. అందుకే దాన్ని కొంచెం సాగదీసి 'అండీ' అన్నట్టు పలకండి. మరీ ఎక్కువ సాగిస్తే బతిమాలినట్టుంటుంది. అరక్షణం చాలు.

రెండోది చివరి మాట ఎటు పోతోందన్నది. 'చెప్పండి' అన్నప్పుడు గొంతు బాగా కిందికి దిగితే 'త్వరగా చెప్పి పెట్టెయ్' అన్నట్టుంటుంది. కొంచెం పైకి లేపితే, లేదా సమంగా ఉంచితే, వింటానన్నట్టుంటుంది. పైకి లేపడమంటే ప్రశ్న అడిగినట్టు కాదు. పెద్దవాళ్లు ఇంటికొస్తే 'రండి రండి' అనేటప్పుడు గొంతు ఎంత లేస్తుందో అంత. ఆ 'రండి' ఎలా అంటారో ఒకసారి పైకి అని చూసి, అదే గొంతుతో 'చెప్పండి' అనండి. వేరే ఏ వివరణా అక్కర్లేదు.

మూడోది చప్పుడు. లేత్ తిరుగుతుంటే మనకు తెలియకుండానే అరిచేస్తాం. మన అరుపు మనకు మామూలుగానే వినిపిస్తుంది. అవతల మాత్రం కోపంగా వినిపిస్తుంది. అరిచే బదులు ఫోనును నోటికి దగ్గర పెట్టుకోండి, రెండు వేళ్ల దూరంలో. నోటికి సూటిగా కాకుండా పెదవి మూలకు పక్కగా ఉంచితే ఊపిరి మోత ఫోనులోకి వెళ్లదు. స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచి మాట్లాడటం వర్క్‌షాపుల్లో మరీ పెద్ద పొరపాటు. మీ గొంతుతో పాటు షాపులో మోతంతా వెళ్తుంది, ఒక్కోసారి అవతలివారి మాట వారికే తిరిగి వినిపిస్తుంది. చేతులకు వార్నిష్ ఉంటే కుర్రాడు ఫోను ఎత్తి మాట్లాడటం మంచిది.

యాస గురించి

చాలామంది యజమానులు ఫోనులో తమ యాస దాచుకోవాలని చూస్తారు. ముఖ్యంగా విశాఖపట్నం, హైదరాబాదు నుంచి ఫోను వస్తే. దాచుకునే ప్రయత్నంలో మాట బిగుసుకుపోతుంది, గొంతు అసహజంగా ఉంటుంది, మధ్యలో అసలు యాస బయటపడి తడబడతారు. దాని అవసరం లేదు. 'సెప్పండి' అన్నా అవతలివారికి అర్థం కాకపోయేది ఏమీ లేదు. 'ఏటి కావాలండీ' అన్నది మన దగ్గర పూర్తి మర్యాదతో కూడిన మాట. మొరటుగా వినిపించేది 'ఏటి' వల్ల కాదు. 'అండి' లేకపోవడం వల్ల, గొంతు కిందికి దిగడం వల్ల. 'ఏమి కావలెను' అని పుస్తకంలోలాగా అన్నవాడి కంటే 'ఏటి కావాలండీ' అన్నవాడి గొంతులోనే ఆదరణ ఎక్కువ వినిపిస్తుంది.

వరసల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. షాపుకు వచ్చేవారిని బాబాయ్ అనీ, అమ్మా అనీ, మావా అనీ పిలవడం మన ఊళ్ల అలవాటు, మంచి అలవాటే. కానీ మొదటి వాక్యంలో వరస పెట్టకండి. తెర మీద కనిపించిన పేరును నమ్మకండి. తండ్రి ఫోనులోంచి కొడుకు మాట్లాడుతుండొచ్చు, మొగుడి ఫోనులోంచి భార్య చేసి ఉండొచ్చు. ట్రూకాలర్‌లో కనిపించే పేరు మరో మనిషిదైనా అయ్యుండొచ్చు. 'ఆఁ, చెప్పు బాబాయ్' అన్నాక అవతల ఆడపిల్ల గొంతు వినిపిస్తే ఇద్దరికీ ఇబ్బందే. 'సార్', 'మేడమ్' కూడా అంతే. 'అండి' ఒక్కటే అందరికీ సరిపోతుంది. అవతలివారు 'బాబూ' అనో 'తమ్ముడూ' అనో పిలిచాక మీరూ వరస కలపండి. ముందు వాళ్లు కలపాలి, తర్వాత మనం.

ఎత్తలేని సమయాలు

కౌంటరు దగ్గర మనిషి నిలబడి ఉన్నాడు, అతనితో లెక్క చూస్తున్నారు, ఫోను మోగింది. ఇక్కడ చాలామంది ఎత్తి 'తర్వాత చెయ్యండి' అని పెట్టేస్తారు. ఇది ఎత్తకపోవడం కంటే చెడ్డది. ఎందుకంటే మళ్లీ చేసే పని అవతలివారి మీద పెట్టారు. ఎంతసేపటి తర్వాతో చెప్పలేదు. ఫోను చేసింది ఏ షాపుకో కూడా వారికి తేల్చలేదు.

ముందు ఎదురుగా ఉన్న మనిషికి 'ఒక్క నిమిషమండి' అనండి. ఫోను ఎత్తి పూర్తి వాక్యం అనండి, కుదించకండి. అవతలివారు సంగతి మొదలుపెట్టగానే, ఒక్క వాక్యం విని, 'మీతో తీరిగ్గా మాట్లాడాలండి, పదకొండింటికి ఈ నంబరుకే నేనే చేస్తాను, ఫర్వాలేదా?' అని అడగండి. గంట చెప్పండి, 'కాసేపట్లో' అనకండి. వెంటనే పుస్తకంలో నంబరు, గంట, ఆ ఒక్క వాక్యం రాసుకోండి. పదకొండింటికి చెయ్యకపోతే ఈ పలకరింపు మొత్తం వృథా అవుతుంది. కాబట్టి చెయ్యగలిగిన గంటే చెప్పండి.

మిస్డ్ కాల్ చూసి తిరిగి చేసేటప్పుడు మన దగ్గర నూటికి తొంభై మంది అనే మాట 'ఈ నంబర్ నుంచి ఫోనొచ్చింది, ఎవరండీ?' అనే. ఆ రైతు పొద్దున్న ముగ్గురు వైండింగ్‌వాళ్లకు చేసి ఉంటాడు. మీరు ఎవరో అతనికి తెలియదు, అతనెవరో మీకు తెలియదు, ఇద్దరూ ఒకరినొకరు అడుగుతూ ఉంటారు. ఇలా అనండి: "నమస్కారమండి. విజయనగరం మోటారు వైండింగ్ షాపు నుంచి మాట్లాడుతున్నాను. ఇందాక మీరు ఫోను చేశారు, అందుకోలేకపోయాను. చెప్పండి." మీరు ఫోను చేసినప్పుడు ఊరి పేరు ముందుకు వస్తుంది. అవతలివారు ఈ ఫోను కోసం చెవి ఒగ్గి లేరు కాబట్టి 'విజయనగరం' అన్న మాట వాళ్ల దృష్టిని ఇటు తిప్పుతుంది.

షాపు మూసిన రోజుల్లో కూడా ఫోను ఎత్తుతారు కదా. పైడితల్లమ్మ సిరిమానోత్సవం మంగళవారం నాడు టౌన్లో అడుగు పెట్టే చోటుండదు. బయటి మండలాల రైతుకు షాపు మూసి ఉంటుందన్న ఆలోచన రాకపోవచ్చు, మోటారును బండి మీద వేసుకుని బయల్దేరవచ్చు. అలాంటి రోజు మూడో ముక్క మారుతుంది: "నమస్కారమండి. మోటారు వైండింగ్ షాపు, విజయనగరం. ఈ రోజు సిరిమాను, షాపు లేదు, రేపు తొమ్మిదింటికి తీస్తాం. చెప్పండి." ఇది ముందే వినిపిస్తే అవతలివారు సంగతంతా చెప్పాక నిరాశ పడే పనుండదు.

కుర్రాడు ఎత్తినప్పుడు

పనివాడు ఎత్తి వాక్యం చక్కగా అంటాడు, రైతు రెండు నిమిషాలు మోటారు చరిత్రంతా చెబుతాడు, అప్పుడు కుర్రాడు 'ఓనరు లేరండి' అంటాడు. ఇందులో పలకరింపు తప్పు లేదు. దానిలో ఒక ముక్క తక్కువైంది. కుర్రాడు ఎత్తితే వాక్యం ఇలా ఉండాలి: "నమస్కారమండి. మోటారు వైండింగ్ షాపు, విజయనగరం. నేను షాపులో పనిచేసే కుర్రాడినండి, చెప్పండి, రాసుకుని అయ్యగారికి చెబుతాను." అప్పుడు రైతు తన పేరు, ఊరు, మోటారు ఎన్ని హెచ్‌పీ అన్నంత వరకే చెబుతాడు. ధర అడగడు. కుర్రాడు నోటికొచ్చిన ధర చెప్పే ప్రమాదమూ తప్పుతుంది.

ఇంటికీ షాపుకీ ఒకే నంబరైతే పిల్లలు ఎత్తుతారు. చిన్న పిల్లలకు వాక్యం నేర్పే ప్రయత్నం వద్దు. 'ఉండండి, నాన్నగారికి ఇస్తాను' అనడం నేర్పండి. ఫోను చేతిలోకి తీసుకున్నాక మీరు మళ్లీ మొదటి నుంచి పూర్తి వాక్యం అనండి. చాలామంది ఇక్కడ మళ్లీ 'హలో'తోనే మొదలుపెడతారు.

అదే ఫోను, మళ్లీ

పదిన్నర. లేత్ తిరుగుతోంది. ఫోను మోగింది. యజమాని చెయ్యెత్తాడు, కుర్రాడు లేత్ ఆపాడు. చెయ్యి తుడుచుకుని మూడో విడతలో ఎత్తాడు. ఒక ఊపిరి.

షాపు: నమస్కారమండీ. మోటారు వైండింగ్ షాపు, విజయనగరం. చెప్పండి.
రైతు: బాబూ, బొండపల్లి దగ్గర్నుంచి. మా సబ్‌మెర్సిబుల్ మోటారు ఆగిపోనాది. రాత్రి నుంచి నీళ్లు నేవు.
షాపు: రాత్రి నుంచి సబ్‌మెర్సిబుల్ ఆగిపోయింది, అంతేనా బాబాయ్?
రైతు: అదే బాబూ.
షాపు: స్టార్టరు వేస్తే పడిపోతోందా, అసలు కదలికే లేదా?

రెండో మాటకే సంగతి వచ్చేసింది. పలకరింపు వాక్యం తర్వాత యజమాని చేసిన పని ఒక్కటే: విన్నదాన్ని అవతలివారి మాటల్లోనే చిన్నగా తిరిగి చెప్పడం. రైతు 'బాబూ' అన్నాకే తాను 'బాబాయ్' అన్నాడు. తర్వాత ఒకే ప్రశ్న అడిగాడు. 'తెచ్చెయ్యి, చూద్దాం' అనలేదు. సబ్‌మెర్సిబుల్‌ను బోరులోంచి పైకి లాగడానికి మనుషులు, తాళ్లు, కూలి ఖర్చు అవుతాయి. లాగాక లోపం స్టార్టరు డబ్బాలోనో, ఒక ఫేజు పోవడంలోనో తేలితే ఆ ఖర్చంతా దండగ. ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న అడగాలన్నది నాలుగో పాఠం.

లేత్ ఆపడం చిన్న పనిలా కనిపిస్తుంది. మీ షాపులో మోత చేసే యంత్రం ఏదున్నా, ఫోను మోగగానే దాన్ని ఎవరు ఆపాలో ముందే అనుకోండి. మిక్సీ, కుట్టు మిషను, టీవీ, ఏదైనా సరే.

ఈ వారం సాధన

మొదటి రోజు మీ వాక్యం కాగితం మీద రాయండి. మూడు ముక్కలు, మూడు వరసల్లో. ఫోను పెట్టే చోట గోడకు అంటించండి. చూసి చదవడానికి కాదు. మోగినప్పుడు కన్ను దాని మీద పడితే 'హలో' నోటిదాకా వచ్చి ఆగుతుంది.

రెండో రోజు వాట్సాప్‌లో మీ నంబరుకు మీరే ఒక వాయిస్ మెసేజి పంపుకోండి. వాక్యం ఒక్కటే అనండి. పక్కన ఎన్ని సెకన్లో చూపిస్తుంది. మూడు కంటే తక్కువైతే పరుగెడుతున్నారు, ఆరు వస్తే పేరు పొడవుగా ఉంది. తిరిగి వినేటప్పుడు మూడు చూడండి: 'అండి' రెండుసార్లూ పూర్తిగా వినబడిందా, షాపు పేరు విడిగా తెలుస్తోందా, 'చెప్పండి' కిందికి పడిపోయిందా. తన గొంతు తనకు మొదటిసారి నచ్చదు, అది అందరికీ ఉండేదే. మీరు చూడాల్సింది ఆ మూడే.

మూడో రోజు నుంచి పుస్తకంలో ఒక గీత లెక్క మొదలుపెట్టండి. ఫోను చేసినవారు 'ఫలానా షాపేనా?' అని అడిగిన ప్రతిసారీ ఒక గీత. మీరు వాక్యం చెప్పాక కూడా అడిగితే లెక్కలోకి వస్తుంది. సాయంత్రానికి ఇరవై ఫోన్లలో ఐదారు గీతలుంటే, మొదటి మాటకు ముందు ఊపిరి తీసుకోవట్లేదని గానీ, షాపు పేరు వేగంగా అంటున్నారని గానీ అర్థం. మరుసటి రోజు ఊపిరి ఒక్కటే సరిచేసి చూడండి. గీతలు తగ్గకపోతే అప్పుడు పేరు మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కుర్రాడి ఫోన్లకు వేరే గీతలు పెట్టండి. వారం చివర ఇద్దరి లెక్కలూ పక్కపక్కన చూడండి. ఎక్కువ గీతలున్నవారు రెండో రోజు సాధన మళ్లీ చెయ్యాలి, అది యజమాని అయినా సరే.

మూడో పాఠంలో ఫోనులో అంకెలు చెప్పడం గురించి చూద్దాం. 'ఇరవై' అన్నది 'అరవై'గా ఎందుకు వినిపిస్తుందో, ధర ఎలా చెప్పాలో, నంబరు ఎలా రాయించుకోవాలో అందులో ఉంటుంది. గీతల పుస్తకం దగ్గర పెట్టుకోండి, అక్కడ మళ్లీ అవసరం పడుతుంది.